తాతగారి కళ్లు సమంగా వచ్చాయి, ముఖం మాత్రం ఆయనది కాకుండా పోయింది: ట్రాన్స్‌ఫార్మ్‌లో ఎక్కడ తప్పాను?

గాజువాక_ఫ్రేములు

వర్ధంతికి ఫ్రేము కట్టించాలని ఒకావిడ తమ నాన్నగారి ఫోటో తెచ్చి ఇచ్చారు. ఆయన విడిగా తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదట. ఉన్నదల్లా గృహప్రవేశం నాడు వీధి గుమ్మం ముందు తీసిన పోస్టుకార్డు సైజు గుంపు ఫోటో. పెద్దాయన కుర్చీలో కూర్చుని, మనం చూసేటప్పుడు ఎడమ వైపున ఉన్న మనవడి భుజం మీద చెయ్యి వేసి, తల వాడి వైపు వాల్చారు. చెయ్యి ఎత్తడం వల్ల ఆ వైపు భుజం పైకి లేచింది, రెండో వైపు కండువా వేసుకున్న భుజం కిందికి దిగింది. లాల్చీ, పట్టీ మెడ. మనవడిని తీసేసి, వెనుక సాదా బూడిదరంగు వేసి, ఆయనను నిటారుగా కూర్చోబెట్టాలన్నది కోరిక.

1200 డీపీఐలో స్కాన్ చేస్తే తల సుమారు 700 పిక్సెళ్ల ఎత్తు వచ్చింది. ఫోటోషాప్‌లో లాసోతో తల కత్తిరించి, Ctrl+J నొక్కి, Ctrl+Tలో స్క్యూ ఎంచుకుని పక్కనున్న పిడిని లాగాను. కళ్లు రెండూ గీత గీసినట్టు సమంగా వచ్చాయి. కనుపాపల మధ్య దూరం ముందు 190 పిక్సెళ్లు, తరువాత 189 ఉన్నాయి కనుక ముఖం సాగలేదనే ధైర్యంతో ప్రింటు తీసి చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "కళ్లు నాన్నవే బాబూ, ముఖం మాత్రం మా చిన్నాన్నలా ఉంది" అన్నారు. కొలతలు సరిగ్గా ఉన్నప్పుడు పోలిక ఎలా మారిందో నాకు అంతు చిక్కడం లేదు.

మద్దిలపాలెం_మౌస్

దీనికి ఇంత కష్టం అవసరం లేదు. రూలర్ పనిముట్టుతో ఒక కనుపాప నుంచి రెండో కనుపాపకు గీత గీయండి, పైన పట్టీలో స్ట్రెయిటెన్ లేయర్ అనే బటన్ కనిపిస్తుంది, దాన్ని నొక్కితే చాలు. నేను రోజుకు పది ఫోటోలు ఇలాగే సరిచేస్తున్నాను.

సీతమ్మధార_సూటిగా

మౌస్ గారూ, ఆ బటన్ లేయర్ మొత్తాన్ని తిప్పుతుంది. ఒకే లేయర్‌లో తల, భుజాలు రెండూ ఉంటే తలతోపాటు భుజాలు కూడా తిరుగుతాయి. ఈయన ఫోటోలో తల ఒక వైపు, భుజాలు ఇంకో వైపు వాలాయి కనుక, తల సరిపోయేసరికి భుజాలు మరింత దిగిపోతాయి.

మద్దిలపాలెం_మౌస్

తలను వేరే లేయర్ చేసిన తరువాతే నొక్కాలని నా ఉద్దేశం. అది రాయడం మరచిపోయాను.

హార్బర్_నైట్‌షిఫ్ట్

నాకు కూడా ఎడమ భుజం కిందికి ఉంటుంది. పదేళ్లుగా ఒకే వైపు సంచి తగిలించుకోవడం వల్ల అయి ఉంటుందని ఇంట్లో అంటున్నారు. దీనికి ఏదైనా వ్యాయామం ఉన్నదా, లేక డాక్టరుకు చూపించవలసిందేనా?

సీతమ్మధార_సూటిగా

ఇక్కడ అందరి దగ్గరా ఉన్న వైద్యం Ctrl+T ఒక్కటే. సంచి మాత్రం రేపటి నుంచి రెండో భుజానికి మార్చుకోండి.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

గాజువాక గారూ, సమాధానం చెప్పే ముందు మీరు రెండు కొలతలు తీసి ఇక్కడ పెట్టాలి. కనుపాపల మధ్య దూరం ఒక్కటే చూసి ముఖం చెడలేదనుకోవడం సరి కాదు. స్క్యూ చేసినప్పుడు ఆ దూరం పెద్దగా మారదు, అందుకే అది మిమ్మల్ని మోసం చేసింది.

మొదటిది: పై పెదవి మధ్యనున్న పల్లం నుంచి ముక్కు మొదలు దాకా, కింది నుంచి పైకి, రూలర్‌తో గీత గీసి, పైన పట్టీలో A అన్న చోట ఎంత వస్తున్నదో చూడండి. రెండవది: ఒక్కొక్క కనుపాప నుంచి గడ్డం మధ్య బిందువుకు ఎంత దూరం ఉన్నదో L1 అన్న చోట చూడండి. రెండూ అసలు స్కాన్‌లోనూ తీయండి, మీరు సరిచేసినదానిలోనూ తీయండి.

గాజువాక_ఫ్రేములు

తీశాను. అసలు స్కాన్‌లో కళ్ల గీత 6.4, ముక్కు గీత 96 డిగ్రీల పైచిలుకు. సరిచేసినదానిలో కళ్ల గీత సున్నా, కానీ ముక్కు గీత ఇంకా 96 దగ్గరే ఉంది. కనుపాప నుంచి గడ్డానికి దూరం అసలులో ఎడమ 368, కుడి 367. నేను చేసినదానిలో ఎడమ 381, కుడి 361. ఇరవై పిక్సెళ్ల తేడా వచ్చిందని ఇప్పుడే తెలిసింది.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

మీ చిన్నాన్నగారు ఆ ఇరవై పిక్సెళ్లలోనే ఉన్నారు.

అసలు ఫోటోలో కళ్ల గీతకూ ముక్కు గీతకూ మధ్య 90 డిగ్రీలున్నాయి, అంటే ఆయన ముఖం వంకర లేనిదే, తల మాత్రమే వాలింది. స్క్యూలో పక్క పిడిని పైకో కిందికో లాగినప్పుడు అడ్డంగా ఉన్న గీతలు వాలతాయి, నిలువుగా ఉన్న గీతలు దాదాపుగా ఎక్కడివక్కడే ఉంటాయి. అందువల్ల కళ్లు లేచి సమానమయ్యాయి, ముక్కూ గడ్డమూ మాత్రం పాత వాలులోనే ఉండిపోయాయి. చతురస్రాన్ని పక్కకు నెట్టినట్టు ముఖం అయింది. ఒక దవడ పొడుగై, రెండో దవడ కురచబడుతుంది. చూసేవారికి ఏ భాగం మారిందో చెప్పడం రాదు, కాని మనిషి మారాడని మాత్రం ఇంట్లోవారికి తక్షణం తెలిసిపోతుంది.

ముఖానికి తిప్పడం ఒక్కటే చెయ్యాలి. తిప్పినప్పుడు ఏ రెండు బిందువుల మధ్య దూరమూ మారదు, ఏ కోణమూ మారదు. స్క్యూ, డిస్టార్ట్, పర్‌స్పెక్టివ్, వార్ప్, ఈ నాలుగూ మెడ పైన పనికిరావు.

ఏయూ_హాస్టల్

గింప్‌లో కూడా ఇదే పద్ధతేనా? నా దగ్గర ఫోటోషాప్ లేదు.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

అదే పద్ధతి. అక్కడ Shift+R నొక్కితే తిప్పే పనిముట్టు వస్తుంది, మధ్యలో కనిపించే కేంద్రాన్ని మౌస్‌తో పట్టుకుని కావలసిన చోటికి జరుపుకోవచ్చు.

ఆ కేంద్రం సంగతి గాజువాక గారికి కూడా చెప్పాలి, ఎందుకంటే తిప్పడం వరకూ వచ్చినవారు కూడా అక్కడే దెబ్బ తింటారు. Ctrl+T నొక్కగానే కేంద్రం పెట్టె నట్టనడుమ ఉంటుంది. అక్కడే ఉంచి తిప్పితే తల పైభాగం ఒక వైపుకూ మెడ అడుగు ఇంకో వైపుకూ జరుగుతాయి. మెడ పట్టీలోంచి పక్కకు తప్పుకుని, తలను తీసి వేరే మెడ మీద పెట్టినట్టు కనిపిస్తుంది. మనిషి తల వాల్చేటప్పుడు వంగేది మెడ కనుక, తిరుగుడు కేంద్రం గొంతు కింద, రెండు కాలర్ ఎముకలు కలిసే గుంటలో ఉండాలి. కొత్త ఫోటోషాప్‌లో ఆ కేంద్రం మామూలుగా కనిపించదు. పైన పట్టీలో ఎడమ చివర తొమ్మిది చుక్కల బొమ్మ పక్కన ఉన్న చిన్న గడిలో టిక్కు పెడితే వస్తుంది. ప్రతిసారీ Ctrl+T నొక్కినప్పుడు అది మళ్లీ నడుమకు వెళ్లిపోతుంది కనుక ప్రతిసారీ జరుపుకోవాలి.

మీ స్కాన్‌లో గొంతు గుంట నుంచి నడినెత్తికి 950 పిక్సెళ్లు, గడ్డానికి 250 పిక్సెళ్లు ఉంటాయనుకుందాం. అక్కడ కేంద్రం పెట్టి 4 డిగ్రీలు తిప్పితే నడినెత్తి 66 పిక్సెళ్లు జరుగుతుంది, గడ్డం 17 మాత్రమే జరుగుతుంది, గొంతు గుంట అసలు కదలదు. వాల్చిన తలను ఎత్తుకున్న మనిషి కదలిక సరిగ్గా అలాగే ఉంటుంది.

సీతమ్మధార_సూటిగా

నాలుగు డిగ్రీలని ఎందుకన్నారు? కళ్ల గీత 6.4 ఉన్నదని ఆయన చెప్పారు కదా.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

అందులో కెమెరా వాలు కూడా కలిసి ఉండవచ్చు. ప్రింటు స్కానర్ మీద కొద్దిగా వంకరగా పెట్టి ఉంటే అదీ కలుస్తుంది. పెద్దాయన వెనుక వీధి గుమ్మం ఉన్నదన్నారు కనుక, ఆ ద్వారబంధం నిలువు గీతను కింది నుంచి పైకి కొలిచి చెప్పండి. వెనుక భాగం చెరిపేసి బూడిదరంగు వేసే ముందే ఇది కొలవాలి. చెరిపిన తరువాత నిలువు ఏదో చెప్పే సాక్షి ఉండదు.

హార్బర్_నైట్‌షిఫ్ట్

మా ఇంటి గుమ్మాన్ని సాక్షిగా పెడితే ఊరంతా వాలిపోతుంది.

గాజువాక_ఫ్రేములు

ద్వారబంధం 91.5 వచ్చింది. రెండు వైపుల కమ్మెలూ ఒకే లెక్క చూపించాయి కనుక గుమ్మం మంచిదే అనుకుంటున్నాను. అంటే బొమ్మ మొత్తం 1.5 వాలింది, తల వాలు నిజానికి 4.9 మాత్రమే. కానీ ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. భుజాల గీత అసలు స్కాన్‌లో మైనస్ 2 ఉండేది. బొమ్మ మొత్తాన్ని 1.5 తిప్పగానే అది మైనస్ 3.5 అయింది. తల బాగుపడుతున్న కొద్దీ భుజాలు చెడుతున్నాయి.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

చెడటం లేదు, కెమెరా వాలు కొంత దాచి పెట్టిన నిజం బయటపడింది. భుజాల గీతను ఎక్కడి నుంచి ఎక్కడికి గీశారు?

గాజువాక_ఫ్రేములు

ఎడమ వైపు లాల్చీ భుజం కుట్టు చివర నుంచి, కుడి వైపు కండువా పై అంచు దాకా గీశాను.

లాసన్స్‌బే_ఆల్బమ్స్

కండువా మడతల మందం భుజం ఎత్తు కాదు కదండీ. దాని కింద భుజం ఇంకా దిగువనే ఉంటుంది. పెళ్లి ఆల్బమ్‌లలో పట్టుచీర కొంగు మడతలు పిన్ను పెట్టిన వైపు నాకు ఎప్పుడూ ఇదే గొడవ. కొంగు అంచును కొలిచి సరిచేస్తే పెళ్లికూతురు రెండో వైపు భుజం ఎగరేసినట్టు వస్తుంది.

అయితే చూసేవారి కంటికి కనిపించేది కండువా అంచే కనుక, ఫ్రేములో సమంగా కనిపించవలసింది కూడా అదే. లోపలి భుజం కొలతకోసం వెతకనక్కరలేదని నా అభిప్రాయం.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

ఆల్బమ్స్ గారి మాట ఒప్పుకుంటున్నాను. 3.5నే లెక్కగా తీసుకుని, పూర్తిగా సున్నా చేయకుండా, ఒక డిగ్రీ వదిలేసి 2.5 సరిచేయండి. గీత గీసినట్టున్న భుజాలు ఎవరికీ ఉండవు.

ఇప్పుడు ముఖాన్ని చెడగొట్టిన అదే స్క్యూ ఇక్కడ పనికివస్తుంది. భుజాల భాగాన్ని తిప్పితే లాల్చీ గుండీల వరస కూడా తిరిగి ఏటవాలుగా పోతుంది. ఆయన నడుము నిటారుగానే ఉన్నది, భుజాలు మాత్రమే ఎగుడుదిగుడు అయ్యాయి. కనుక అడ్డగీత కదలాలి, నిలువుగీత కదలకూడదు. స్క్యూ చేసే పని సరిగ్గా అదే. ఆయన భుజం గొంతు నుంచి 650 పిక్సెళ్ల దూరంలో ఉంటే, 2.5 డిగ్రీలకు ఒక వైపు 28 పిక్సెళ్లు లేస్తుంది, రెండో వైపు 28 దిగుతుంది. ఇక్కడ కూడా కేంద్రాన్ని గొంతు గుంటకు జరిపి, పక్క పిడిని లాగేటప్పుడు Alt పట్టుకుంటే రెండు వైపులా ఎదురెదురుగా కదులుతాయి, గొంతు గుంట కదలకుండా ఉంటుంది. గుడ్డ అంత వాలును మోస్తుంది, ముఖం మొయ్యదు.

మద్దిలపాలెం_మౌస్

పప్పెట్ వార్ప్ వాడితే తల వేరు, భుజాలు వేరు అని రెండు లేయర్లు చేయవలసిన పని ఉండదు. ముఖం మీద నాలుగు పిన్నులు గుచ్చి కదలకుండా పట్టుకుని, భుజం మీద ఒక పిన్ను పెట్టి కిందికి లాగితే అయిపోతుంది.

సీతమ్మధార_సూటిగా

పిన్ను గుచ్చిన బిందువు కదలదు గాని, పిన్నుల మధ్యనున్న చర్మం కదులుతుంది. నేను ఒక కాలేజీ అబ్బాయి ఫోటోలో ఇలాగే చేశాను. భుజం దిగింది, దానితోపాటు చెవి తమ్మె కూడా సాగింది. తలను వేరే లేయర్‌లో పెట్టి, భుజాల లేయర్ మీద మాత్రమే పప్పెట్ వార్ప్ వాడితే మీరు చెప్పినది మంచి పద్ధతే. ముఖ్యంగా ఒక్క భుజమే లేచి, రెండోది సరిగ్గా ఉన్నప్పుడు స్క్యూ కన్నా అదే మేలు, ఎందుకంటే స్క్యూ బాగున్న భుజాన్ని కూడా కదిలిస్తుంది.

మద్దిలపాలెం_మౌస్

ఈ చర్చలో నేను చెప్పినవన్నీ "తలను వేరే లేయర్ చేసిన తరువాత" అనే మాటతో కలిపి చదువుకోండి.

పెందుర్తి_ప్రయాణం

పాస్‌పోర్టుకు కూడా ఇలా సరిచేసిన ఫోటో ఇవ్వవచ్చా? మా అమ్మగారికి తల వాల్చి నిలబడే అలవాటు ఉన్నది.

సీతమ్మధార_సూటిగా

మామూలుగా పాస్‌పోర్టు సేవా కేంద్రంలో వాళ్లే ఫోటో తీసుకుంటారు కనుక మీ అమ్మగారు అక్కడ ఒక్క నిమిషం తల నిలిపితే చాలు. మీరే ఫోటో ఇవ్వవలసిన చోట మాత్రం సరిచేసినది ఇవ్వకండి, మళ్లీ తీయించండి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి సరిచేయడం కన్నా మంచి ట్రాన్స్‌ఫార్మ్ లేదు. ఈ తంటా అంతా మళ్లీ కూర్చోబెట్టడానికి వీలులేని మనుషుల కోసమే.

గాజువాక_ఫ్రేములు

తలను తిప్పి చూశాను, పోలిక వెనక్కి వచ్చింది. కానీ మూడు కొత్త సమస్యలు వచ్చాయి. మెడ దగ్గర అతుకు కనిపిస్తున్నది. అంతేకాక, పాత లేయర్‌లో వదిలేసిన ఎడమ చెవి కొత్త చెవి వెనుక నుంచి తొంగి చూస్తున్నది. నుదురు కూడా కొంచెం నున్నగా అయిపోయింది, లాల్చీ మీద ఉన్న గరుకు ముఖం మీద లేదు.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

మూడవది ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని తరువాత బాగుచేయడానికి వీలు ఉండదు. మీరు ఎన్నిసార్లు Ctrl+T చేసి ఎంటర్ కొట్టారు?

గాజువాక_ఫ్రేములు

అయిదారుసార్లు కొట్టి ఉంటాను. కొంచెం తిప్పి, చూసి, మళ్లీ కొంచెం తిప్పాను.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

ఎంటర్ కొట్టిన ప్రతిసారీ ఫోటోషాప్ ప్రతి పిక్సెల్‌నూ దాని పక్కవాటితో కలిపి కొత్తగా లెక్క కడుతుంది. ఒక్కసారికి తేడా కనిపించదు. ఆరుసార్లకు పాత ఫిల్మ్ రేణువులు కరిగిపోయి చర్మం మైనం పూసినట్టు అవుతుంది. 200 శాతానికి పెంచి నుదుటినీ లాల్చీనీ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. రేణువులు ఒక చోట ఉండి ఒక చోట లేకపోతే, అతుకు ఎంత బాగా కలిపినా తల అతికించినట్టే ఉంటుంది.

మొదటి నుంచి మళ్లీ చేయండి. స్కాన్ లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, Ctrl+Jతో రెండు కాపీలు తీసుకోండి. ఒకదానికి మాస్క్ వేసి తలా మెడా మాత్రమే ఉంచండి, రెండోదానికి మాస్క్ వేసి లాల్చీ, కండువా మాత్రమే ఉంచండి. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో ఎన్నిసార్లు తిప్పినా లెక్క అసలు స్కాన్ నుంచే కడుతుంది, మళ్లీ తెరిచినప్పుడు ఇంతవరకూ ఎంత తిప్పారో కోణం గడిలో కనిపిస్తుంది కూడా. తలకు కెమెరా వాలు 1.5, సొంత వాలు 4 కలిపి 5.5 వేయండి. భుజాల భాగానికి ముందు 1.5 తిప్పి, ఆ తరువాత స్క్యూ చేయండి. గీతను ఎడమ నుంచి కుడికి గీస్తే A ఎంత చూపిస్తే అంతే సంఖ్య తిప్పే గడిలో వేయవచ్చు, గుర్తు మార్చనక్కరలేదు. కుడి నుంచి ఎడమకు గీసినవారికి 170 పైన ఏదో వచ్చి కంగారు పడతారు.

అతుకు సంగతి మీ పెద్దాయన లాల్చీయే చూసుకుంటుంది. తల లేయర్‌ను లాల్చీ లేయర్ కిందకు దించండి. అప్పుడు మెడ, పట్టీ లోపలికి దూరినట్టు ఉంటుంది, అతుకు పట్టీ వెనుక దాగిపోతుంది. మెడను కత్తిరించేటప్పుడు పట్టీ లోపలికి మరికొంత కిందివరకు ఉంచితే చాలు. తొంగి చూసే చెవి కూడా పోతుంది, ఎందుకంటే ఈ పద్ధతిలో కింద పాత తల ఉన్న లేయరే ఉండదు, మీరు వేసే బూడిదరంగు మాత్రమే ఉంటుంది.

లాసన్స్‌బే_ఆల్బమ్స్

మెడ పట్టీ ఉన్నవారికి ఇది చక్కగా కుదురుతుంది. జాకెట్టు మెడ పెద్దదిగా ఉండి, చర్మం మీదే అతుకు పడినప్పుడు నేను మెత్తని బ్రష్‌తో మాస్క్‌ను మెడ నడుమ నుంచి గొంతు గుంట వరకు నెమ్మదిగా కలుపుతాను. తిప్పే కేంద్రం గుంటలోనే ఉన్నందున అక్కడ రెండు లేయర్లూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి, పైకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది. కనుక కలపడం ఎంత కిందికి ఉంటే అంత తేలిక.

ఈ సందర్భంగా నా తప్పు ఒకటి చెప్పాలి. నిరుడు ఒక పెళ్లికూతురి తలను 6 డిగ్రీలు తిప్పి, ముఖమూ మెడా అంతా చూసుకుని ఆల్బమ్ ప్రింటుకు పంపేశాను. పుస్తకం చేతికి వచ్చిన తరువాత వాళ్ల అత్తగారు, "ఆ రోజు మండపంలో అంత గాలి వేసిందా?" అని అడిగారు. చూస్తే చెవి బుట్టలు రెండూ ఒకే వైపుకు ఊగుతున్నట్టు ఉన్నాయి. తల వాల్చినా బుట్టలు భూమి వైపుకే వేలాడతాయి. నేను తలతోపాటు వాటిని కూడా తిప్పేశాను. అప్పటి నుంచి బుట్టను వేరుగా కత్తిరించి, తమ్మెకు కొక్కెం తగిలే చోట కేంద్రం పెట్టి, తలను ఎంత తిప్పానో అంతే వెనక్కి తిప్పుతున్నాను. విడిగా వేలాడే ముంగురులకూ, జడలోంచి జారిన పూలకూ ఇదే వర్తిస్తుంది.

హార్బర్_నైట్‌షిఫ్ట్

అత్తగారి కన్ను ముందు ఏ రూలర్ పనిముట్టూ చాలదు.

ఏయూ_హాస్టల్

ఎన్ని డిగ్రీల వరకు తిప్పవచ్చు? మా బంధువుల ఫోటో ఒకదానిలో తల పూర్తిగా భుజం మీద ఆనించి ఉన్నది. అదీ కాక, కొంచెం పక్కకు కూడా చూస్తున్నారు.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

నా చేతికి అయిదారు డిగ్రీల వరకు ఇబ్బంది రాలేదు. పది దగ్గరకు వచ్చేసరికి మెడ అబద్ధం చెబుతుంది. వాల్చినప్పుడు ఒక వైపు మెడ కండ సాగి, రెండో వైపు చర్మం ముడత పడుతుంది. తలను నిలబెట్టినా ఆ ముడతలు అలాగే ఉండిపోతాయి. గడ్డం నీడ కూడా తప్పు వైపుకు పడుతుంది. ఆ ఫోటోను వదిలేయమని చెబుతాను.

పక్కకు చూస్తున్న ముఖం ఇంకో విషయం. ముక్కు కొన రెండు కళ్లకు మధ్యన కాక ఒక కంటికి దగ్గరగా ఉండి, ఒక చెవి ఎక్కువగానూ రెండోది తక్కువగానూ కనిపిస్తుంటే, ఆ తల వాలడమే కాదు, తిరిగి కూడా ఉన్నది. వాలును తీయవచ్చు. తిరిగినదాన్ని ట్రాన్స్‌ఫార్మ్‌తో తీయలేము, ఎందుకంటే దాగిన చెంప ఫోటోలో లేనే లేదు.

సీతమ్మధార_సూటిగా

డార్క్‌రూమ్ గారూ, తలకు 4 మాత్రమే వేసి 0.9 ఎందుకు వదిలేయమన్నారో నాకు ఒప్పుదల కావడం లేదు. భుజాలకు వదిలారు, బాగుంది. ఫ్రేములో తల మాత్రం కచ్చితంగా నిటారుగా ఉండాలనే కదా వాళ్లు అడిగారు.

పూర్ణామార్కెట్_డార్క్‌రూమ్

చాలామందికి రెండు కళ్లు ఒకే ఎత్తులో ఉండవు. కళ్ల గీతను సున్నా చేస్తే కొందరి ముక్కు వాలుతుంది, ముక్కును సున్నా చేస్తే కళ్లు వాలుతాయి. ఈయన విషయంలో రెండూ కలిశాయి గాని, మిగిలిన భుజం వాలు ఒక డిగ్రీ ఉన్నప్పుడు తల పూర్తిగా నిటారుగా ఉంటే మేకు దించినట్టు ఉంటుందని నా అనుభవం.

సీతమ్మధార_సూటిగా

నా అనుభవం వేరు. వదిలిన ఆ డిగ్రీనే వాడుకదారు మొదట పట్టుకుని, "ఇంకా వాలే ఉందండీ" అంటారు. గోడ మీద ఫ్రేము వేలాడదీసినప్పుడు పక్కన తలుపు ఉంటే మరీ తెలుస్తుంది.

లాసన్స్‌బే_ఆల్బమ్స్

రెండు ప్రింట్లు తీసి ఆవిడనే అడగండి. చిన్న సైజులో తీస్తే కాగితం ఖర్చు ఎంతని?

గాజువాక_ఫ్రేములు

అలాగే చేశాను. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లతో మళ్లీ మొదటి నుంచి పని చేసి, తలకు ఒకదానిలో 5.5, ఇంకోదానిలో 6.4 వేసి, పోస్టుకార్డు సైజులో రెండూ తీశాను. కనుపాప నుంచి గడ్డానికి దూరం రెండింటిలోనూ 368, 367 వచ్చింది. నుదుటి మీద రేణువులు ఉన్నాయి, మెడ పట్టీలోకి సరిగ్గా దిగింది.

ఆవిడ తన చెల్లెలిని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. "మా నాన్నే" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు గాని, ఏ ప్రింటు అన్నదగ్గర కుదరలేదు. ఆవిడ 5.5 ఉన్నదాన్ని తీసుకున్నారు, చెల్లెలు 6.4 ఉన్నదే బాగుందన్నారు. ఇద్దరి ఇళ్లకూ చెరొకటి ఫ్రేము కడుతున్నాను.

సీతమ్మధార_సూటిగా

ఒక్క ఓటుతో నేను కూడా నిలిచాను.

గాజువాక_ఫ్రేములు

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. స్క్యూ చేసిన తరువాత కండువా జరీ అంచు, మెడ దగ్గర కొంచెం నిటారుగా అయిపోయి, జారుతున్నట్టు కాక అతికించినట్టు కనిపిస్తున్నది. అక్కాచెల్లెళ్లు గమనించలేదు.

లాసన్స్‌బే_ఆల్బమ్స్

కండువాను ఇంకో కాపీలో విడిగా మాస్క్ చేసి, దానికి మాత్రం వార్ప్ వాడి, మెడ దగ్గరి మూలను కొద్దిగా లోపలికి నొక్కండి. గుడ్డకు వార్ప్ వాడితే ఎవరూ అడగరు. జరీ గీత మాత్రం మెలిక తిరగకుండా చూసుకోండి.

గాజువాక_ఫ్రేములు

ఇప్పుడే ప్రయత్నిస్తున్నాను. అంచు బాగానే వంగింది, కాని వార్ప్ ఆపిన చోట జరీలో చిన్న మెట్టు వచ్చింది. రేపు గ్లాసు బిగించే లోపు మరోసారి చూస్తాను.